కారణమడగను, కంచం పెడతా

పెళ్ళి తంతులో అమ్మాయి తల్లి నోరు విప్పే చోటు ఒక్కటే: అప్పగింతల పాట. ఒక తల్లి ఆ పాటను తన కూతురి కోసం కొత్తగా కట్టుకున్న వైనం ఇది.

పెళ్ళికూతురి తల్లికి పెళ్ళిలో ఒక్క మంత్రమూ లేదు. కన్యాదాన సంకల్పం చెప్పేది తండ్రి. ధర్మార్థకామాల్లో నా కూతుర్ని దాటి నడవనని మాటివ్వమని వరుణ్ణి అడిగేదీ తండ్రే. ఆ పక్కనే పీట మీద కూర్చున్న తల్లి చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఆయన అల్లుడి కాళ్ళు కడుగుతాడు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు, సప్తపది, అరుంధతీ దర్శనం... ఇన్ని ఘట్టాలు దాటినా ఆమె మాట్లాడవలసిన అవసరం ఎక్కడా రాదు.

చివరికి అప్పగింతలు వస్తాయి. పళ్ళెంలో పాలు పోసి, అమ్మాయి అరచేతులు రెండూ అందులో ముంచి, ముందు వరుడి చేతుల్లోనూ ఆ తర్వాత అత్తగారు, మామగారు, ఆడపడుచు, బావగారు, మరిది ఇలా వరసగా ఒక్కొక్కరి చేతుల్లోనూ పెడతారు. పురోహితుడి పని అక్కడికి దాదాపు అయిపోయినట్టే. సన్నాయి ఆగుతుంది. అప్పుడు తల్లి పాడుతుంది. గొంతు రాకపోతే ఆమె తరఫున పిన్నో మేనత్తో ఎత్తుకుంటుంది. ఎవరు పాడినా మాటలు మాత్రం తల్లివే. నా బిడ్డ ఇలాంటిది, ఇలా పెరిగింది, ఇది తింటుంది, ఇందుకు భయపడుతుంది, జాగ్రత్తగా చూసుకోండి అని ఆమె అందరి ముందూ చెప్పుకోగలిగింది ఆ కాసేపే.

పాటకు ఈ చోటు ఎంత పాతదో చూడాలంటే రామాయణంలోకి వెళ్ళాలి. సీత పెళ్ళిలో జనకుడి మాటలున్నాయి, విశ్వామిత్రుడి మాటలున్నాయి, జనకుడు కూతురికిచ్చిన సంపదల వర్ణన ఉంది. సీత తల్లి మాట మాత్రం బాలకాండలో వినపడదు. చాలా కాలం గడిచాక, అడవికి వచ్చిన తర్వాత, అయోధ్యకాండ చివర్లో అనసూయతో మాట్లాడుతూ సీత ఒక సంగతి బయటపెడుతుంది. పాణిగ్రహణ వేళ అగ్ని దగ్గర మా అమ్మ నాకు చెప్పిన మాటలు ఇంకా నా మనసులో ఉన్నాయంటుంది. ఆ మాటలేమిటో వాల్మీకి రాయలేదు. తల్లి చెప్పిందని మాత్రమే చెప్పి ఊరుకున్నాడు.

ఆ ఖాళీని తెలుగు ఆడవాళ్ళు వదిలిపెట్టలేదు. స్త్రీల రామాయణపు పాటల్లో సీతను అత్తవారికి అప్పగించే పాట విడిగా ఉంది, సీత అత్తవారింటికి వెళ్ళే పాట వేరే ఉంది. వెల్చేరు నారాయణరావు తెలుగు స్త్రీల రామాయణపు పాటల మీద 1991లో వెలువడిన తన వ్యాసంలో ఈ పాటలు ఏయే సంగతులు పట్టుకుంటాయో చూపించారు. మగవాళ్ళ కావ్యం యుద్ధం దగ్గర నిలబడితే, వీళ్ళ పాటలు వేవిళ్ళ దగ్గర, పురిటి దగ్గర, అప్పగింతల దగ్గర నిలబడ్డాయి. ఇంట్లో కూతుర్ని సాగనంపే ఏ తల్లయినా సీత పేరు మీద తన దిగులు పాడుకోగలిగింది. సీతకే తప్పలేదనుకుంటే కాస్త గుండె నిలబడుతుంది కదా.

అయితే మనకు పెద్దల ద్వారా అందిన అప్పగింతల పాటల్లో ఒక చిత్రం ఉంది. వాటిలో పెళ్ళికూతురికి ఏదీ తెలియదు. ఆకలేస్తే అడగలేదు, నిద్రొస్తే ఆపుకోలేదు, పెద్దల ముందు ఎలా మసలుకోవాలో ఎరగదు. తప్పు చేస్తే కొట్టక, తిట్టక, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పండని తల్లి ప్రాధేయపడుతుంది. ఇప్పటి పెళ్ళిలో ఈ మాటలు వింటే అతిశయోక్తిలా ఉంటాయి. కానీ అవి పుట్టిన నాడు అక్షరాలా నిజం. పాటలోని పెళ్ళికూతురు ఎనిమిదేళ్ళదో, తొమ్మిదేళ్ళదో. శారదా చట్టం 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలై, ఆడపిల్ల కనీస వయసు 14 ఏళ్ళని చెప్పేదాకా మన ఊళ్ళలో చాలా కులాల్లో అదే వాడుక. ఆ వయసు 18కి చేరింది 1978లో. పాటలో తల్లి అంత దీనంగా బతిమాలుకోవడానికి కారణం ఆమె వినయం ఒక్కటే కాదు. ఆమె పంపుతున్నది నిజంగానే పసిపిల్లని.

ఇప్పుడు పెళ్ళికూతురికి ఇరవై ఆరో, ఇరవై ఎనిమిదో ఉంటాయి. ఉద్యోగం చేస్తోంది, ఇంటి వాయిదాలు కడుతోంది. అయినా అమ్మ గుండె పాత పాటలోలాగే కొట్టుకుంటోంది. మరి ఆమె ఏం పాడాలి? మా చిన్నక్క కూతురి పెళ్ళికి ఈ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. దానికి జవాబు ఎలా దొరికిందో చెప్తాను.

చలిమిడి పొయ్యి దగ్గర

అక్కవాళ్ళది అమలాపురం దగ్గర పల్లె. బావగారు కొబ్బరి వ్యాపారం చేసేవారు. అమ్మాయికి పదిహేనేళ్ళప్పుడు ఆయన పోయారు. అప్పటి నుంచి ఇంటి పద్దులు రాసింది ఆ పిల్లే. దింపు కూలి ఎంత, ఒలుపు కూలి ఎంత, ఎవరి దగ్గర ఎన్ని వేల కాయల బాకీ ఉంది అన్నీ బడి నుంచి వచ్చి నోటుపుస్తకంలో ఎక్కించేది. అక్కకు లెక్కలు రావు. సంతకం పెట్టమన్న చోట పెట్టేది. అలా ఆ ఇల్లు నిలబడింది. అమ్మాయి ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో ఉద్యోగంలో చేరింది. సంబంధమూ అక్కడిదే. అత్తవారిది కూకట్‌పల్లి.

భర్త లేని తల్లి కన్యాదానపు పీట మీద కూర్చోవడానికి ఇప్పటికీ చాలాచోట్ల ఒప్పుకోరు. మా ఇంట్లోనూ అదే జరిగింది. అన్నయ్యా వదినా పీటల మీద కూర్చోవాలని పెద్దవాళ్ళు తేల్చేశారు. అక్క ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం నా చెయ్యి పట్టుకుని, ‘‘పాటకు పీట అక్కర్లేదు కదే? అది నేనే పాడుకుంటా’’ అంది. నిజమే. అప్పగింతల పాట ఎవరు పాడాలో ఏ శాస్త్రమూ చెప్పలేదు. అందుకే అది ఆమెకు దక్కింది.

అక్క పాటను కట్టుకున్నది సారె చలిమిడి చేస్తూ. రాత్రంతా నానబెట్టిన బియ్యాన్ని వడకట్టి, బట్ట మీద పరిచి, చేతికి చెమ్మ తగులుతుండగానే పిండి పట్టించుకొచ్చాం. ఆ పిండి ఆరిపోకూడదు. ఆరితే చలిమిడి పొడిపొడిగా వస్తుంది. అందుకని గిన్నెలో అదిమి, తడిగుడ్డ కప్పి ఉంచాం. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. అక్క పాకం దగ్గర నిలబడితే నేను గసగసాలు వేయించి, ఎండుకొబ్బరి ముక్కలు నేతిలో దోరగా తీశాను. పాకం చుక్క నీళ్ళలో వేస్తే చేతికి మెత్తగా ఉండ కట్టాలి. గట్టిపడిందంటే అరిసెల పాకం అయిపోయినట్టు, చల్లారాక చలిమిడి గడ్డకట్టి పళ్ళకు తగులుతుంది. ఆ నీళ్ళ గిన్నెలో వేళ్ళు పెట్టుకునే అక్క మొదటి చరణం అంది.

ఆవకాయ కలిపిన పళ్ళెంలో
అన్నం కలిపే వేళకు నువ్వు
ఆ మొదటి ముద్ద నాదే నంటూ
అరచెయ్యి చాచి నిలిచితివమ్మా

ఆవకాయ పెట్టిన రోజున జాడీకెత్తగా పళ్ళెంలో మిగిలిన కారం, నూనెలో వేడన్నం వేసి కలిపి ముద్దలు పెట్టడం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. ఆ ముద్ద కోసం అమ్మాయి ఎలా కాపు కాసేదో నాకూ గుర్తే. కారం తగిలి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా రెండో ముద్దకు చెయ్యి చాచేది. అక్క తన పాటను ‘అల్లారుముద్దుగా పెంచిన నా తల్లీ’ అని మొదలుపెట్టలేదు. అందుకు నేనెంతో సంతోషించాను. ఆ మాట ఏ పిల్లకైనా సరిపోతుంది. పెళ్ళి పాట కట్టుకునే తల్లి తన చరణాన్ని ఇలా పరీక్షించుకోవచ్చు: అందులో పక్కింటి అమ్మాయి పేరు పెట్టి పాడితే ఇంకా నిజంగానే ఉందా? ఉంటే అది ఇంకా ఆమె సొంత పాట కాలేదన్నమాట.

కట్టుబడి గురించి ఒక్క మాట. పాదానికి నాలుగు మాత్రల ముక్కలు నాలుగు. చేత్తో తొడ మీద నాలుగు దెబ్బలు వేసుకుంటే పాదం అయిపోతుంది. ఒకటో రెండో మాత్రలు తక్కువైతే చివరి అక్షరాన్ని లాగితే సరి. ఆడవాళ్ళ పాటల్లో ఈ లాగుడు లోపం కాదు. మనసు నిండిన చోట ఆగడానికి అదే వీలు. పాదాల మొదట్లో ఒకే అక్షరం పలికేలా చూసుకుంటే పాట ఊరికే గుర్తుంటుంది. అక్క రాసుకోలేదు. రాసుకుంటే కాగితం చూడాలి, కళ్ళజోడు మసకేస్తుంది అంది.

రాదని ఎలా చెప్పేది?

రెండో చరణం దగ్గర మేనత్త జోక్యం చేసుకుంది. మా పెద్దమేనత్తకు పాత పాటలు చాలా వచ్చు. మా పెళ్ళిళ్ళన్నింటికీ ఆవిడే పాడింది. ‘‘పిల్లకు ఏమీ రాదని ముందుగా చెప్పుకోవాలే. అది మర్యాద. నా పిల్లకు అన్నీ వచ్చని వియ్యపురాలి ముందు ఎవరంటారు?’’ అంది.

ఆవిడ చెప్పిన దాంట్లో లోతు ఉంది. పాత పాటల్లో తల్లి గర్వం ఎప్పుడూ ఈ దారినే వచ్చింది. మా పిల్లకు వంట రాదు అంటూనే ఏయే వంటలు రావో వరసగా చెప్తుంది. ముగ్గు పెట్టడం రాదంటూనే ఏ పండక్కి ఏ ముగ్గు పెట్టాలో చెప్తుంది. వినేవాళ్ళకు అర్థమైపోతుంది, ఇన్ని ఎరిగిన ఇంట్లోంచి వచ్చిన పిల్ల అని. అణకువ మాటలో ఉంటుంది, గర్వం వివరంలో ఉంటుంది. నలుగురి ముందూ కూతుర్ని పొగుడుకునే హక్కు లేని తల్లికి దొరికిన తోవ అది. అక్క దాన్ని పూర్తిగా వదిలెయ్యలేదు. మేనత్త చెప్పిన మాటనే పాటలోకి తెచ్చి, అక్కడే ఎదురుతిరిగింది.

ఏమీ రాదని చెప్పాలంట
ఎదురుగ నిలిచి ఎలా చెప్పేది?
పద్దులు రాసి ఇంటిని నిలిపిన
పదిహేనేళ్ళ పిల్లవు నీవే

మేనత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘‘నీవే’ దగ్గర లాగకు. అక్కడ లాగితే నీ గొంతు నిలవదు. ‘పదిహేనేళ్ళ’ దగ్గరే ఊపిరి తీసుకో’’ అంది. పాట విషయంలో ఆవిడ అనుభవం అది. ఏడుపు వచ్చే చోటు పాడేవాళ్ళకు ముందే తెలుస్తుంది. ఆ చోటికి ముందే ఊపిరి పట్టాలి. శ్రుతి కూడా తనకు హాయిగా ఉండే దానికంటే ఒక మెట్టు దించి ఎత్తుకోవాలి. ఎందుకంటే మనసు కలతపడినప్పుడు గొంతు దానంతటదే పైకి పోతుంది. పైన ఎత్తుకున్నవాళ్ళు రెండో చరణానికే చిక్కుకుపోతారు. ఇంకొకటి, ప్రతి చరణం చివరి రెండు పాదాలు చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తిరిగి అనాలి. అప్పుడు తల్లికి కళ్ళు తుడుచుకునే వ్యవధి దొరుకుతుంది. ఆమె ఆగిపోయినా పాట ఆగదు. ఈ కూడిక లేకుండా మైకు ముందు ఒంటరిగా పాడమంటే ఎంత గట్టి మనిషయినా నిలవడం కష్టం. చెల్లెళ్ళం, మరదళ్ళం మేము ఆ చివరి పాదాలను వారం ముందు నుంచే నేర్చుకున్నాం.

వంటింట్లోకి పిలవండమ్మా

తల్లి భయమంతా ఒక్క చోటే ఉంటుంది. నా బిడ్డ బాధపడుతున్న సంగతి ఆ ఇంట్లో ఎవరికైనా తెలుస్తుందా? పాత పాటల్లో తల్లి దయగా చూడండి అని అడిగేది. ఆ ‘దయ’ పెద్ద మాట. వినడానికి బాగుంటుంది కానీ మర్నాడు పొద్దున్న వియ్యపురాలు దాంతో ఏం చెయ్యాలో తేలదు. అక్క చేత నేను ఈ చరణాన్ని ఎన్నోసార్లు మార్పించాను. దయ, ప్రేమ, కన్నకూతురు లాంటివన్నీ ఒక్కొక్కటే తీసేశాం. చివరికి ఇంట్లో జరిగే సంగతే నిలిచింది. మా అమ్మాయికి మనసు బాగోకపోతే మాట తగ్గిపోతుంది. గదిలో కూర్చోబెట్టి ఏమైందే అని అడిగితే ఏం లేదంటుంది. పొయ్యి దగ్గర పక్కన నిలబెట్టుకుని ఏదో పని చెప్తే, చేతులు ఆడుతుండగా నోరు తెరుస్తుంది. అక్కకు తెలిసిన ఈ కిటుకు ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు దాన్ని వియ్యపురాలికి అందించాలి.

నలతగ ఉంటే నోరు విప్పదు
నాకే కళ్ళను చూస్తే తెలియు
వదినా, మాటలు తగ్గిన పూట
వంటింట్లోకి పిలవండమ్మా

అప్పగింత అనే పేరు ఈ చరణానికి నిజంగా సరిపోతుంది. ఆమె అప్పగించింది పిల్లని మాత్రమే కాదు, పిల్లని చదివే విద్యని కూడా. అల్లుడికి చెప్పిన చరణమూ ఈ వరసలోదే. మామూలుగా ‘మీరు’ అని మన్నించే అల్లుణ్ణి పాటలో మాత్రం బాబూ అని చనువుగా పిలిచింది.

పొద్దున కాఫీ నువ్వే కలుపు
పొరపాటున పంచదార వేయకు
లేవదు పిల్ల ఆదివారము
లేపకు, వారం మోసిన ఒళ్ళు

పెళ్ళికి వచ్చిన కుర్రాళ్ళు ఈ చరణానికి ఈలలు వేశారు. అక్క ఏమీ చిన్నబుచ్చుకోలేదు. ఆ కాస్త నవ్వు లేకపోతే తర్వాతి చరణం పాడలేకపోయేదాన్ని అని తర్వాత నాతో చెప్పింది. ఏడుపు చరణాలన్నీ వరసగా పెట్టకూడదని పాడేవాళ్ళకు తెలుసు. నడుమ నవ్వించే చరణం ఒకటి ఉంటే గొంతు తిరిగి దారికొస్తుంది.

బుద్ధుల చరణం

అప్పగింతల పాటలో తల్లి కూతురికి బుద్ధులు చెప్పడం ఆనవాయితీ. పొద్దున్నే లేవాలి, అత్తమామల మాట జవదాటకూడదు, ఆ ఇంటి గుట్టు ఈ ఇంటికి చేరవెయ్యకూడదు, కష్టమొస్తే ఓర్చుకోవాలి. మేనత్త ఈ చరణం ఉండి తీరాలంది. అక్క కూడా మొదట్లో సరేనంది. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి నాకు కారణం ఉంది.

ఎనిమిదేళ్ళ పిల్లను పంపే తల్లి ఓర్చుకో అని చెప్పక ఏం చేస్తుంది? పిల్ల తిరిగి వస్తే ఆమెకు పెట్టడానికి తన పేర కుంచెడు నేల లేదు. తనకే లేదు, కూతురికి ఎక్కడిది? ఆ మాటలో పాషాణత్వం లేదు, దారి లేకపోవడం ఉంది. ఇప్పుడు దారి ఉంది. వారసత్వ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రం ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలోనే, 1986లో, హిందూ వారసత్వ చట్టాన్ని సవరించుకుంది. అప్పటికే పెళ్ళయిన వాళ్ళకు ఆ సవరణ వర్తించలేదు. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణలో ఆ తేడా కూడా పోయింది. అంటే పుట్టిల్లు ఇవాళ కూతురికి పాటలోనే కాదు, కాగితం మీద కూడా ఉంది. అటువంటప్పుడు ఆమె ముందు నిలబడి ఓర్చుకో తల్లీ అని నలుగురిలో పాడితే, ఆ పిల్లకు రేపు నిజంగా కష్టం వచ్చినప్పుడు చెవిలో ఆ పాదమే మోగుతుంది. ఎంతమంది ఆడపిల్లలు పుట్టింటికి ఫోను చెయ్యబోయి ఆగిపోయారో మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఆ పాదాన్ని తీసెయ్యాలని నేను గట్టిగా పట్టుబట్టాను.

అక్క చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చలిమిడిలోకి ఏలకులు దంచుతూ ఉన్నట్టుండి అంది:

తలుపుకు గడియ వేయను తల్లీ
తట్టక నేరుగ లోపలికి రా
కష్టం కలిగి వచ్చిన రోజున
కారణమడగను, కంచం పెడతా

మేనత్త ఉలిక్కిపడింది. ‘‘పెళ్ళిపందిట్లో కష్టమనే మాటేమిటే? అపశకునం కాదూ? ఇంకా కాపురానికి వెళ్ళకుండానే తిరిగి రమ్మంటారా ఎవరైనా?’’

అక్క రోకలి ఆపకుండానే చెప్పింది. ‘‘రమ్మనడం లేదత్తా. వస్తే ఆకలితో నిలబెట్టనని చెప్తున్నా. వాళ్ళ నాన్న ఉంటే ఈ మాట ఆయన చెప్పేవారు.’’

మేనత్త మళ్ళీ ఎదురు చెప్పలేదు. ఒక మార్పు మాత్రం సూచించింది. ఆ చరణాన్ని చివర్లో పెట్టొద్దు, మధ్యలో పెట్టు, చివర కాఫీ చరణంతో ముగించు అంది. పందిట్లో అందరూ లేచేటప్పుడు చెవిలో చివరగా మిగిలేది నవ్వు కావాలని ఆవిడ ఉద్దేశం. అక్క దానికి ఒప్పుకోలేదు. నా కూతురికి చివరగా మిగలాల్సింది ఈ మాటే అంది. ఇద్దరూ మంచి మాటే అన్నారు. నేను అక్క పక్షం.

తెల్లవారుజామున

ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. అప్పగింతల వేళకు సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. పిల్లలు తివాచీ మీద నిద్రపోతున్నారు. మగపెళ్ళివారి బస్సు ఇంజను అప్పటికే మోగుతోంది. ఫొటోలవాళ్ళు పాల పళ్ళెం చుట్టూ దీపాలు పెట్టి, పెళ్ళికూతురు తలెత్తాలి, అమ్మ ఇటు తిరగాలి అంటూ తొందరపెడుతున్నారు. ఇప్పటి పెళ్ళిళ్ళలో పాట చెడిపోయేది ఇక్కడే. ఫొటో కోసం ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగితే పాటా మిగలదు, ఏడుపూ మిగలదు. మా అన్నయ్య వాళ్ళను పక్కకు తీసుకెళ్ళి టీ ఇప్పించాడు. మైకు తీసేయించాడు. చుట్టూ ఉన్న ముప్పై నలభై మందికి వినపడితే చాలు.

పీటల మీద కూర్చోని అక్క, పాల పళ్ళెం పట్టుకున్న వదిన వెనక నిలబడి ఎత్తుకుంది. కిందనే ఎత్తుకుంది. ఆవకాయ చరణం నిలకడగా సాగింది. ‘పదిహేనేళ్ళ’ దగ్గర మేనత్త చెప్పినట్టే ఊపిరి పట్టింది, కానీ ‘పిల్లవు’ దాకా రాలేకపోయింది. మేము అందుకున్నాం. పెళ్ళికూతురు పాలలో తడిసిన చేతులు అత్తగారి చేతుల్లోంచి తీసి వెనక్కి తిరిగింది. అక్క తల అడ్డంగా ఊపి, నువ్వు అటే ఉండు అన్నట్టు చూపించి, వంటింటి చరణం వియ్యపురాలి ముఖంలోకి చూస్తూ పాడింది. ఆవిడ కూకట్‌పల్లిలో స్కూలు టీచరు. పాట వింటూ, బడిలో పాఠం వినే పిల్లలాగా, ప్రతి పాదానికీ తలూపింది. కాఫీ చరణానికి ఈలలు. చివరి చరణం అక్క ఒక్కతే పాడింది. ఆ రెండు పాదాలను వెనకనున్న మేము అనలేదు. ముందే అనుకుని కాదు, ఎవరికీ నోరు రాలేదు.

సారె బుట్టలు బస్సెక్కించేటప్పుడు అక్క వియ్యపురాలి చేతికి చలిమిడి గిన్నె విడిగా ఇచ్చింది. కోస్తాలో తల్లి కూతురి కడుపు చల్లగా ఉండాలని చలిమిడి పెట్టి పంపుతుంది. తెలంగాణలో తల్లి పసుపు కలిపిన బియ్యం, కుడుకలు కూతురి కొంగులో ఒడిబియ్యంగా పోస్తుంది. ఆ బియ్యం కొంగులో పడుతున్నంతసేపూ పాడే పాటలు అక్కడ వేరేగా ఉన్నాయి. వాటికీ కొత్త చరణాలు కడుతున్న తల్లులు ఉండే ఉంటారు. ఎవరి ఇంట్లో వాళ్ళు వాటిని ఒక్కసారయినా ఫోనులో పట్టి ఉంచుకుంటే బాగుంటుంది. కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది, ఎవరి పెళ్ళిలో ఎవరు పాడారో, ఏ చరణం ఎవరి కోసం కట్టారో పక్కన రాసి మరీ. పాత పాటల్లో మనకు మిగలనిది అదే. పాట మిగిలింది. ఆ పిల్ల ఎవరో, ఏం తినేదో, అమ్మ దేనికి భయపడిందో పోయింది.

పెళ్ళయిన కొన్నాళ్ళకు నేను అక్క దగ్గర ఉండగా హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. అక్క స్పీకరు నొక్కింది. వియ్యపురాలు.

‘‘వదినగారూ, ఇవాళ పిల్ల ఆఫీసు నుంచి వచ్చినప్పటి నుంచీ మాట లేదు. మీరు పాడినట్టే వంటింట్లోకి పిలిచాను. వచ్చి నిలబడింది. ఏ పని చెప్పమంటారు?’’

అక్క ఆలోచించకుండానే చెప్పింది.

‘‘చారు పెట్టమనండి వదినగారూ. కుక్కరు పనులు చెప్పకండి, మూత పెట్టి వెళ్ళిపోతుంది. చారయితే గిన్నె దగ్గరే నిలబడాలి. పొంగు వచ్చేలోగా చెప్పేస్తుంది.’’